ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మెసేజ్ వస్తే: తర్జుమానా, దిద్దడమా, ఫెయిర్ చేయడమా ఎలా తేల్చుకోవాలి

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. అందుకే ఆదివారం సాయంత్రమయ్యేసరికి అమలాపురంలోనూ భీమవరంలోనూ డీటీపీ షాపుల వాట్సాప్‌కు మెసేజ్‌లు రావడం మొదలవుతుంది. ఊళ్ళో నలుగురికీ అర్జీలు రాసిపెట్టే అలవాటున్నవాళ్ళ ఫోన్లకూ వస్తాయి. భాష తెలుగే, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. పంపినవాళ్ళు ఏం చేసిపెట్టమంటున్నారో చాలాసార్లు తెలియదు. తెలుగు అక్షరాల్లోకి మార్చాలా, తప్పులు దిద్దాలా, అర్జీలా మలచాలా, ఇంగ్లీషులోకి తర్జుమా చేయాలా? అలాంటి మెసేజ్ ఒకటి తీసుకుని, ప్రింటు చేతికిచ్చేదాకా ఏ పని తర్వాత ఏ పని చేయాలో చూద్దాం.

```
sir madi 1.50 cents sarva vari.
pakka vari cheruvu lo uppu neellu
bodi loki vadulutunnaru. dubbulu
errabadi chachipotunnayi. VRO gariki
cheppam 2 sarlu. evaru ravatledu.
konchem correct chesi pettandi
somavaram ivvali
```

అడిగిన మాట కన్నా కాగితం వెళ్ళే చోటు ముఖ్యం

పంపినాయన `correct chesi pettandi` అన్నాడు. ఆ మాటను పట్టుకుని స్పెల్లింగులు సరిచేసి తిప్పి పంపితే ఆయనకు పని జరగనట్టే. మన వైపు ‘కరెక్ట్ చేయండి’ అనే మాటకు ‘పదిమందిలో పెట్టేలా బాగుచేయండి’ అనే అర్థమే ఎక్కువ. ‘ఫెయిర్ చేయండి’ అన్నా దాదాపు అంతే. ‘తెలుగులో పెట్టండి’ అంటే తొంభై పాళ్ళు అక్షరాలు మార్చమనే, ఎందుకంటే మెసేజ్ ఉన్నది తెలుగులోనే. అసలు చిక్కు ‘ఇంగ్లీషులో పెట్టండి’ దగ్గర వస్తుంది. అది తర్జుమా చేయమనడం కావచ్చు. లేదా ‘ఇలాగే ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచి కాస్త సరిచేయండి, మా గ్రూపులో అందరూ ఇలాగే చదువుతారు’ అనడమూ కావచ్చు. ‘సెట్ చేయండి’, ‘చూసి పెట్టండి’ అనే మాటల్లో అయితే ఏ సూచనా ఉండదు.

అందుకని ముందు మెసేజ్‌లో గమ్యం ఏదో వెతకండి. ఎవరిని పిలుస్తున్నారో చూడండి. `sir` అన్నది మిమ్మల్నా, కాగితం అందుకునే అధికారినా? మొదటి వాక్యంలోనే `sir` ఉండి, ఆఖర్న `chesi pettandi` అని ఉంటే పై భాగం అధికారికి, కింది భాగం మీకు అని తీసుకోండి. ఈ రెండూ ఒకే ముద్దలో అతుక్కుని రావడం మామూలే. వాటిని విడదీయకపోతే ‘సోమవారం ఇవ్వాలి’ అనే మాట అర్జీలోకి వెళ్ళిపోతుంది. తరువాత గడువు చూడండి. సోమవారం అన్నారంటే దాదాపు కలెక్టరేట్ అర్జీయే. బ్యాంకు, కాలేజీ, ఎంబసీ పేరు ఉంటే ఇంగ్లీషు కావాల్సి రావచ్చు. పెళ్ళిరోజు, సంస్మరణ, రథోత్సవం లాంటి మాటలుంటే అది గ్రూపులో పెట్టే పోస్టో, మైకులో చదివే కాగితమో అయి ఉంటుంది. దాన్ని అర్జీ భాషలోకి దించితే పాడవుతుంది.

మన మెసేజ్‌లో వీఆర్వో ప్రస్తావన ఉంది, సోమవారం ఉంది, నష్టం ఉంది. కావాల్సింది తెలుగు అర్జీయేనని నమ్మకంగా అనుకోవచ్చు. అనుకున్నా పని మొదలుపెట్టే ముందు అడిగి ఖాయం చేసుకోవాలి. ఎలా అడగాలో కాసేపట్లో చెప్తాం, అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది.

ఏ పనికైనా ముందు తెలుగు అక్షరాల్లో ఒక ప్రతి

గమ్యం ఏదైనా మొదట మెసేజ్‌ను ఉన్నదున్నట్టు తెలుగు అక్షరాల్లోకి దించుకోండి. ఏమీ దిద్దకండి, ఏమీ కలపకండి. అర్జీకైనా, ఇంగ్లీషు తర్జుమాకైనా, పోస్టుకైనా ఈ ప్రతే ఆధారం. నేరుగా ఇంగ్లీషు అక్షరాల నుంచి మంచి తెలుగు వాక్యం అల్లడం మొదలుపెడితే, మీకు అనుమానం రావాల్సిన చోట చెయ్యి తనంతట తాను ఏదో ఒక అర్థం ఎంచుకుని ముందుకు వెళ్ళిపోతుంది. తెలుగు అక్షరం రాయాలంటే దీర్ఘమో హ్రస్వమో, త అయితే త, ట అయితే ట అని తేల్చి తీరాలి. ఎక్కడ తేల్చలేకపోతున్నారో అక్కడే అనుమానం ఉందన్నమాట. ఆ పదాన్ని పసుపు రంగుతో గుర్తుపెట్టి ముందుకు సాగండి.

ఈ పనికి సాధనాలు కొంతవరకే ఉపయోగపడతాయి. ఫోనులో జీబోర్డు కీబోర్డు ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే తెలుగులోకి మారుస్తుంది గానీ, కాపీ చేసి అతికించిన వచనాన్ని ముట్టుకోదు. మళ్ళీ చేత్తో కొట్టాల్సిందే. లేఖిని లాంటి వెబ్ పేజీలో అతికిస్తే మారుతుంది, అయితే అది కట్టుదిట్టమైన పద్ధతి ప్రకారం నడుస్తుంది. అందులో చిన్న `t` అంటే త, పెద్ద `T` అంటే ట. చిన్న `d` అంటే ద, పెద్ద `D` అంటే డ. వాట్సాప్‌లో రాసేవాళ్ళు ఆ తేడా పాటించరు. పైగా మనవాళ్ళు త కోసం `th` కొడతారు, ఆ పద్ధతిలో అది థ అవుతుంది. మన మెసేజ్‌లో `madi` అక్కడ ‘మది’గా వస్తుంది, అంటే మనసు. అందుకే యంత్రం ఇచ్చిన ప్రతిని టైపింగ్ శ్రమ తగ్గించే చిత్తుప్రతిగానే వాడుకోండి, ఒక్కో పదాన్నీ అసలు మెసేజ్‌తో పోల్చి చూడండి.

అసలు మెసేజ్‌ను మాత్రం చెరపకండి. దాన్ని వేరే ఫైలులో అలాగే ఉంచండి. ఫోను తనంతట తాను మార్చిన పదాలు అందులోనే దొరుకుతాయి. ‘వరి’ అని కొట్టబోతే `very` అని, ‘లేదు’ కొట్టబోతే `led` అని పడిపోతుంటుంది. వాక్యం మధ్యలో అర్థంలేని ఇంగ్లీషు మాట కనిపిస్తే దాన్ని ఇంగ్లీషుగా చదవకుండా, దానికి దగ్గరి శబ్దమున్న తెలుగు మాట ఏదో వెతకండి.

అర్థం తలకిందులయ్యే చోట్లు

అనుమానాలన్నీ ఒక బరువువి కావు. ‘నీళ్లు’ అనాలా ‘నీళ్ళు’ అనాలా అన్నది మీరే తేల్చుకోవచ్చు, కాగితం మొత్తం ఒకేలా రాస్తే చాలు. ప్రమాదం తెచ్చేవి వేరే ఉన్నాయి. ఒక్క దీర్ఘం తేడాతో మాట అడ్డం తిరిగేవి అన్నిటికంటే ముందు చూడాలి.

`neeti teeruva kattanu` అని వచ్చిందనుకోండి. నీటి తీరువా కట్టాను అనా, కట్టను అనా? మొదటిది రసీదు జతచేయాల్సిన మాట, రెండోది గొడవకు దిగే మాట. `vellanu`, `cheppanu`, `ivvanu` అన్నీ ఇదే బాపతు. మన మెసేజ్‌లోని `cheppam` కూడా అంతే, చెప్పాం కావచ్చు, చెప్పం కావచ్చు. పక్కనే `2 sarlu` ఉంది కనుక ఇక్కడ చెప్పాం అని ధైర్యంగా తేల్చవచ్చు. ఎన్నిసార్లు, ఎప్పుడు, ఎక్కడ అనే మాట పక్కనుంటే అది జరిగిపోయిన పని. అలాంటి ఊతం లేకపోతే ఊహించకూడదు.

ఇంతకంటే మోసపుచ్చేది `ivvamannaru`. ‘ఇవ్వమన్నారు’ అంటే ఇవ్వాలని చెప్పారు. ‘ఇవ్వం అన్నారు’ అంటే ఇచ్చేది లేదన్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్ళు పదాల మధ్య ఖాళీని ఇష్టమొచ్చినట్టు పెడతారు కాబట్టి, విడిగా రాశారా కలిపి రాశారా అన్నదాన్ని ఆధారంగా తీసుకోకండి. ‘పరిహారం ఇవ్వమన్నారు’కూ ‘పరిహారం ఇవ్వం అన్నారు’కూ మధ్య ఒక అధికారి మాట నిలబడి ఉంటుంది. ఇది ఫోను చేసి నోటితో చెప్పించుకోవాల్సిందే.

తరువాతవి డెల్టా మాటలు. బయటివాళ్ళు చేస్తే ఇక్కడే తప్పుతారు. `sarva` అంటే సార్వా, వానాకాలపు పంట. సర్వ అని చదివి ‘వరి సర్వనాశనం’ అని రాసేస్తే మెసేజ్‌లో లేని నష్టం అర్జీలోకి వస్తుంది. `dalva` దాళ్వా. `bodi` అంటే చేలకు నీళ్ళు తెచ్చే పంట బోదె. బోడి అనో, బోధి అనో చదవకూడదు. `udupulu` ఊడ్పులు, అంటే నాట్లు. `cheruvu` అంటే మరోచోట ఊరి చెరువేమో గానీ భీమవరం, అమలాపురం వైపు ముందు గుర్తొచ్చేది చేపల చెరువో రొయ్యల చెరువో. ఉప్పునీళ్ళ మాట ఉంది కనుక ఇది రొయ్యల చెరువు కావచ్చు, అయినా మెసేజ్‌లో రొయ్యలని లేదు. అర్జీలో ‘చెరువు’ అనే ఉంచండి, లేదంటే అడిగి రాయండి. `ellam` అని వస్తే ‘వెళ్ళాం’ అని చదవండి, మన వైపు మాటలో ముందరి వకారం జారిపోతుంది.

`vari` మన మెసేజ్‌లోనే రెండుసార్లు, రెండర్థాల్లో వచ్చింది. మొదటిది వరి, రెండోది వారి. `pakka vari cheruvu` అంటే పక్కవారి చెరువు. `madi` మడి కావచ్చు, మాది కావచ్చు. మడి అయితే ‘ఒక మడి దెబ్బతింది’ అని, మాది అయితే ‘మాకున్న భూమి ఇంత’ అని. వెంటనే విస్తీర్ణం వచ్చింది కనుక మాది అనే మొగ్గు ఎక్కువ. కానీ విస్తీర్ణం దగ్గరే ఇంకో ముడి ఉంది కాబట్టి రెండూ కలిపి అడిగేద్దాం.

ఊళ్ళ పేర్ల విషయంలో మండలం పేరు కూడా రాబట్టకుండా వదలకండి. `maa bhumi undi lo undi` అంటే మా భూమి ఉండిలో ఉంది అని, ఉండి పశ్చిమగోదావరిలో మండలం. `kalla` కాళ్ళ మండలం. `polavaram` అన్నారంటే కోనసీమ మనిషి ఐ.పోలవరం అంటున్నాడేమో చూడాలి, ప్రాజెక్టు ఉన్న పోలవరం వేరు. గన్నవరం అంటే పి.గన్నవరమా, విజయవాడ దగ్గరదా? మండలం తప్పు పడితే అర్జీ వేరే తహశీల్దారు దగ్గరికి వెళ్ళి రోజులు వృథా అవుతాయి. మనుషుల పేర్లు, ఇంటిపేర్లు మీ చెవికి తోచినట్టు రాయకండి. ఆధార్ కార్డులో తెలుగులో ఎలా ఉందో అలా రాయండి. ఫోటో పంపమంటే ఆధార్ నంబరు కనిపించకుండా వేలు అడ్డుపెట్టి తీయమని చెప్పండి, మీకు కావాల్సింది పేరు మాత్రమే.

ఇక అంకెలు. `1.50 cents` అని వచ్చింది. ఉన్నదున్నట్టు చదివితే ఒకటిన్నర సెంటు, ఇల్లు కట్టుకునేంత జాగా. వరి వేసిన చేను అంత ఉండదు. ఎకరానికి వంద సెంట్లు గనుక జనం ‘ఎకరం యాభై సెంట్లు’ను 1.50 అని రాసి, అలవాటుగా వెనక సెంట్లు అని తగిలిస్తారు. తెలిసిన విషయమే అయినా మీరుగా మార్చకండి, పాసుపుస్తకంలో ఉన్నట్టు చెప్పమనండి. అర్జీలో ‘1 ఎకరం 50 సెంట్లు’ అని విడదీసి రాస్తే దశాంశ చుక్క గొడవే ఉండదు. సర్వే నంబరులో గీతలూ, ఉపసంఖ్యలూ, పక్కన ఉండే అక్షరాలూ ఎలా ఇస్తే అలా.

ఒకే మెసేజ్‌లో, మూడు ప్రశ్నలకు మించకుండా

ఇప్పుడు పంపినాయనను అడగాలి. ‘మీకేం కావాలి? తర్జుమానా, కరెక్షనా, పాలిషా?’ అని అడిగితే జవాబు ‘అదేనండి, మంచిగా పెట్టండి’ అనే వస్తుంది. ఆ పేర్లు మనవి, ఆయనవి కావు. అందుకని ఆయన అవునో కాదో చెప్పగలిగేలా, కాగితం ఎలా ఉండబోతోందో ఒక వాక్యం చూపించి అడగండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్ళలో తెలుగు చదవడం రానివాళ్ళు తక్కువ, కాబట్టి ప్రశ్న తెలుగు అక్షరాల్లోనే పంపవచ్చు. ఆయన పెద్దాయన అయితే అదే విషయం వాయిస్ మెసేజ్‌లో చెప్పండి:

‘బాబాయ్ గారూ, ఇది సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే తెలుగు అర్జీయే కదండీ? “పక్క రైతు చెరువులోని ఉప్పునీటిని పంట బోదెలోకి వదులుతున్నందువల్ల మా వరి చేను దెబ్బతింటోంది” అని మొదలుపెడతానండి, సరేనా? భూమి మొత్తం ఎకరం యాభై సెంట్లాండి, అంతా మీదేనా, అంతా దెబ్బతిందా? ఆఖర్న ఏం అడగమంటారు: ఆ నీళ్ళు ఆపించమనా, పంట నష్టం ఇప్పించమనా, రెండూనా?’

మూడో ప్రశ్నే ముఖ్యం. మెసేజ్‌ను మళ్ళీ చదవండి, ఆయన బాధ అంతా చెప్పాడు గానీ ఏం కావాలో చెప్పలేదు. ఇలాంటి మెసేజ్‌లలో తరచూ లోపించేది అదే. మీరు దాన్ని గమనించకుండా ‘తగు చర్యలు తీసుకోగలరు’ అని ముగిస్తే కాగితం చూడడానికి బాగుంటుంది, పని మాత్రం ఎవరి బల్ల మీదా పడదు. బోదెలోకి ఉప్పునీళ్ళు ఆపడం ఒకరి పని, పంట నష్టం లెక్కగట్టడం వేరేవాళ్ళ పని. ఏది అడుగుతున్నారో తేలితేనే అర్జీ ఏ శాఖకు వెళ్ళాలో తేలుతుంది.

మూడు ప్రశ్నలకు మించి అడగకండి. నాలుగోదానికి వచ్చేసరికి జనం మొదటిదానికి ఒక్కదానికే జవాబిస్తారు. సర్వే నంబరు, వీఆర్వోకు చెప్పిన తేదీలు, ఆధార్‌లో పేరు అనే మూడింటినీ ఆయన సంతకానికి వచ్చినప్పుడు రాసుకోవచ్చు, వాటికి ఖాళీలు వదలండి. జవాబు రాకుండా గడువు ముంచుకొస్తే ఉన్నదున్నట్టు తెలుగు ప్రతిని, అర్జీ చిత్తుప్రతిని, రెండిటినీ సిద్ధంగా ఉంచండి. ఆయన పొద్దున్నే బస్సు దిగి వచ్చినా పది నిమిషాల్లో ముగుస్తుంది.

అర్జీ మలిచేటప్పుడు

ఆయన జవాబిచ్చాడనుకోండి: అవును అర్జీయే, ఎకరం యాభై సెంట్లూ మాదే, అంతా దెబ్బతింది, ముందు నీళ్ళు ఆపించాలి. అప్పుడు లోపలి భాగం ఇలా ఉంటుంది:

‘మా గ్రామంలో సర్వే నంబరు ........లో నాకు 1 ఎకరం 50 సెంట్ల భూమి ఉంది. అందులో ఈ సార్వాకు వరి వేశాను. పక్క రైతు చెరువులోని ఉప్పునీటిని పంట బోదెలోకి వదులుతున్నారు. ఆ నీరు మా చేనులోకి చేరడంతో వరి దుబ్బులు ఎర్రబడి చనిపోతున్నాయి. ఈ విషయాన్ని ........, ........ తేదీల్లో రెండుసార్లు వీఆర్వో గారికి చెప్పాము. ఇంతవరకు ఎవరూ వచ్చి చూడలేదు. తమరు దయచేసి పొలాన్ని తనిఖీ చేయించి, బోదెలోకి ఉప్పునీరు వదలకుండా ఆపించవలసిందిగా కోరుతున్నాను.’

అసలు మెసేజ్‌తో పోల్చండి. వాక్యాల వరుస మారలేదు. మొదట భూమి, తరువాత కారణం, నష్టం, చేసిన ప్రయత్నం, చివర అడిగేది. ఆయన వరుసే బాగుంది, దాన్ని కదపడానికి కారణం లేదు. ‘ఆ నీరు మా చేనులోకి చేరడంతో’ అనే ముక్క మాత్రం మెసేజ్‌లో లేదు, రెండు వాక్యాల మధ్య ఉన్న సంబంధాన్ని మనం పైకి చెప్పాం. ఇలా కలిపిన ముక్క ఏదైనా సరే, సంతకానికి ముందు వేలు పెట్టి చూపించి ‘ఇలాగే జరిగిందాండి?’ అని అడగాలి.

మెరుగుపెట్టేటప్పుడు చెయ్యి జారే చోట్లు రెండు. మొదటిది అంచనాలు పెంచడం. ‘తీవ్రంగా నష్టపోయాము’, ‘నెలల తరబడి’, ‘లక్షల్లో’ అనే మాటలు అర్జీ భాషలో అలవాటుగా దొర్లుతాయి. మెసేజ్‌లో లేని లెక్క అర్జీలో ఉంటే, తనిఖీకి వచ్చినవాళ్ళు మొదట అడిగేది దాని గురించే. జవాబు చెప్పుకోవాల్సింది సంతకం పెట్టినాయన. ‘మా చేనుకు ఆనుకుని ఉన్న చెరువు’ అనే మాట కూడా ఇలాంటిదే. ‘పక్కవారి’ అన్నాడు గానీ ఆనుకుని ఉందనలేదు. మధ్యలో బోదె ఉండవచ్చు, ఇంకొకరి చేను ఉండవచ్చు.

రెండోది నింద. `evaru ravatledu` అంటే ‘ఎవరూ రావట్లేదు’, అంతే. దాన్ని ‘వీఆర్వో నిర్లక్ష్యం వహిస్తున్నారు’ అని మలిస్తే అది ఆరోపణ అవుతుంది, ఆయన చేసింది కాదు. ‘ఇంతవరకు ఎవరూ వచ్చి చూడలేదు’ అనడంలో ఉన్న బలం చాలు. అలాగే పక్క రైతు పేరు ఆయన చెప్పకపోతే మీరు అడిగి రాయకండి, రాయమంటేనే రాయండి.

చిన్న దిద్దుబాటు ఒకటి మరిచిపోకూడదు. `evaru` అనే దాన్ని ఇలాంటి వ్యతిరేక వాక్యంలో ‘ఎవరూ’ అని దీర్ఘంతో రాయాలి. `emi ledu` వస్తే ‘ఏమీ లేదు’. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ దీర్ఘం ఎప్పుడూ ఎగిరిపోతుంది. తెలుగులో అది లేకపోతే వాక్యం ప్రశ్నలా వినిపిస్తుంది.

ఇంగ్లీషు కావలసి వచ్చినప్పుడు

కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి గల్ఫ్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళలో ఇలాంటి మెసేజ్‌లే వస్తాయి, అక్కణ్ణుంచి మనిషి పంపింది ఇంట్లోవాళ్ళు మీకు ఫార్వర్డ్ చేస్తారు. జీతం ఇవ్వలేదనో, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకున్నారనో ఉంటుంది. అది ఎంబసీకి వెళ్ళాలంటే ఇంగ్లీషు తర్జుమా కావాలి. అప్పుడు కూడా తెలుగు అక్షరాల ప్రతి తయారుచేసుకున్నాకే ఇంగ్లీషులోకి వెళ్ళండి. `jeetham ivvamannaru` ఇక్కడ ప్రాణాంతకమైన మాట. యజమాని ఇవ్వనన్నాడా, ఎవరైనా ఇవ్వమని చెప్పారా? ఆ మనిషినే అడగాలి, ఇంట్లోవాళ్ళ ఊహ సరిపోదు. మెసేజ్‌లో ‘నేను’ అన్నది అక్కడున్న మనిషి, సంతకం పెట్టేది ఇక్కడున్న భర్తో తల్లో అయినప్పుడు ‘నేను’లన్నీ ‘నా భార్య’, ‘మా అమ్మాయి’ అని మారాలి. ఒక్కటి మిగిలినా ఎవరి పాస్‌పోర్టు పోయిందో తెలియకుండా పోతుంది. పేరు స్పెల్లింగు పాస్‌పోర్టులో ఉన్నట్టే, మెసేజ్‌లో ఉన్నట్టు కాదు.

వ్యవసాయం కాగితం ఇంగ్లీషులోకి వెళ్తే డెల్టా మాటలను విప్పాలి. సార్వాను ఖరీఫ్ అని, దాళ్వాను రబీ అని, బోదెను ఫీల్డ్ ఛానల్ అని రాస్తే ఏ జిల్లా అధికారికైనా తెలుస్తుంది.

దిద్దకుండా వదలాల్సినవి

పోస్టుకో, సభలో చదవడానికో వచ్చిన మెసేజ్‌లో ‘ఆయ్’, ‘అండి’, ‘ఏటండి’, ‘ఎల్లొచ్చాం’ ఉంటే అవి తప్పులు కావు. పోయినాయన గురించి ఊరివాడు రాసుకున్న నాలుగు మాటల్లో ఆ యాస తీసేస్తే అది ఎవరు ఎవరి గురించి రాసిందో తెలియని కాగితమవుతుంది. అక్కడ మీ పని అక్షరాలు మార్చడం, వాక్యం ముగిసే చోట చుక్క పెట్టడం, ఊపిరి తీసుకునే చోట పేరా విడగొట్టడం. అంతకు మించి ముట్టుకోవద్దు. అర్జీలో మాత్రం ‘చెప్పామండి’ని ‘చెప్పాము’ అని చేయండి, మర్యాద ‘గారు’లోనూ ‘తమరు’లోనూ ఉంది కదా.

ప్రింటు చేతికిచ్చే ముందు

ఎందులో టైపు చేయాలన్నది కూడా గమ్యాన్ని బట్టే. షాపుల్లో ఎక్కువగా అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కొడతారు. ప్రింటుకు అది బాగానే ఉంటుంది, కానీ యూనికోడ్ కాదు గనుక ఆ వచనాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే గజిబిజి గుర్తులు వస్తాయి. ఆయన దాన్ని గ్రూపులోనూ పెట్టుకుంటానంటే, ఆన్‌లైన్‌లో దాఖలు చేస్తానంటే మొదటినుంచీ యూనికోడ్‌లోనే కొట్టండి, లేదా పీడీఎఫ్ ఇవ్వండి.

చివరగా, కాగితాన్ని ఆయనకు పైకి చదివి వినిపించండి. ఆయన చేతికిచ్చి ‘చూసుకోండి’ అంటే మర్యాదకు తలూపేస్తారు. చదువుతున్నప్పుడు పసుపు రంగు పెట్టిన పదాల దగ్గర నెమ్మదించండి: ఎకరం యాభై సెంట్లు, చెప్పాము, పక్క రైతు, బోదె. ‘మాది కాదండి, మా తమ్ముడిది సగం’ లాంటి మాట వచ్చేది అప్పుడే, ప్రింటుకు ముందు వస్తే దిద్దడం ఒక్క నిమిషం పని. సంతకమయ్యాక రెండు ప్రతులు తీయించండి, ఒకటి ఇవ్వడానికి, ఒకటి ఆయన దగ్గర ఉంచుకోవడానికి. అసలు మెసేజ్‌ను, తెలుగు అక్షరాల ప్రతిని, ఆఖరి అర్జీని ఒకే ఫోల్డరులో ఆయన ఊరి పేరుతో దాచండి. కలెక్టరేట్‌లో ఇచ్చిన రసీదు నంబరు ఆయన తెచ్చి చూపించినప్పుడు దాన్నీ ఆ ఫైలు పేరులోనే చేర్చండి.